అర అంగుళం గడి: రెండర్‌లో పేము కుర్చీని నమ్మించేది ఇదే

అమెరికా, యూరప్‌లలో చలి ఎక్కువున్న చోట చాలా ఇళ్లకు వెనకవైపునో పక్కనో అద్దాల గది ఒకటి ఉంటుంది. దాన్ని సన్‌రూమ్ అంటారు. మూడు వైపులా అద్దాలే. బయట మంచు పడుతున్నా లోపల ఎండ కాగుతూ కూర్చోవచ్చు. ఆ గదిలో బరువైన సోఫాలు వేయడం తక్కువ. తేలిగ్గా ఉండి, గాలీ వెలుతురూ ఆడే పేము కుర్చీలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ అలవాటు పాతదే. ఓడల్లో సరుకు కదలకుండా అడుగున కుక్కి తెచ్చే పేమును బోస్టన్ రేవులో పారేస్తుంటే, 1840ల్లో సైరస్ వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి దాన్ని ఏరి తెచ్చి వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా పేము కుర్చీ అమెరికన్ ఇళ్ల వరండాల్లో, అద్దాల గదుల్లో స్థిరపడిపోయింది.

ఇప్పుడు అలాంటి గదిని కట్టకముందే కంప్యూటర్‌లో చూపిస్తున్నారు. ఇంటి యజమాని ముందుగా త్రీడీ రెండర్ చూసి, నచ్చితేనే పని మొదలుపెట్టమంటాడు. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ ఇళ్లకు ఈ బొమ్మలు తయారుచేసే తెలుగువాళ్లూ ఉన్నారు. గోడ రంగు, అద్దం, నేల అన్నీ చక్కగా కుదిరిన బొమ్మలో కూడా తరచూ ఒక్కచోట తేడా కొడుతుంది. అది పేము కుర్చీ దగ్గర. చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు గానీ, కుర్చీ బొమ్మరిల్లులోదిలా ఉందనో, ప్లాస్టిక్‌లా ఉందనో అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అల్లిక కొలత తప్పింది.

గోడకు, నేలకు, అద్దానికి ఇంత ఉండాలనే కొలత కంటికి తెలియదు. అల్లికకు తెలుసు. ఎన్నో కుర్చీల్లో కూర్చున్నాం, వేళ్లతో తడిమాం. ఆ గడి ఎంతుంటుందో చేతికి గుర్తుంటుంది. గదిలో కుర్చీ ఎంత పెద్దదో కన్ను ఆ గడిని బట్టే తేల్చుకుంటుంది. కాబట్టి రెండర్‌లో పేము కుర్చీ పని గడి కొలతతో మొదలవ్వాలి.

ముందు ఏది ఏమిటో తేల్చుకోవాలి

రట్టన్ అన్నా పేము అన్నా అడవిలో చెట్ల మీదికి పాకే తాటి జాతి తీగ. దాని బొంగును వంచి కుర్చీ చట్రం చేస్తారు. ఆ తీగ పైచర్మాన్ని సన్నటి బద్దలుగా చీలిస్తే వచ్చేది కేన్. మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, సీటుకు, వీపుకు జాలీగా అల్లేది దీంతోనే. చర్మం తీసేశాక మిగిలిన లోపలి గుజ్జును గుండ్రటి పుల్లలుగా తీస్తే అది బుట్టల్లా అల్లడానికి పనికొస్తుంది. ఇలా దగ్గరదగ్గరగా బుట్ట పద్ధతిలో అల్లిన దాన్నే వికర్ అంటారు. అది పేముతోనే కానక్కర్లేదు. విల్లో కొమ్మలతోనూ, ప్లాస్టిక్ పట్టీతోనూ, మెలితిప్పిన కాగితంతోనూ ఉండొచ్చు.

రెండర్ చేసేవారికి ఈ తేడా అవసరం. కేన్ జాలీకి రంధ్రాలుంటాయి, వెలుతురు అవతలికి పోతుంది. వికర్ అల్లిక మూసుకుని ఉంటుంది, దాని అందమంతా ఎత్తుపల్లాల నీడలో ఉంది. రెండిటికీ ఒకే పద్ధతి వాడితే రెండూ చెడతాయి. కష్టం ఎక్కువ జాలీతోనే కాబట్టి దాన్నే వివరంగా చూద్దాం.

జాలీ లోపలి లెక్క

బజారులో దొరికే కేన్ జాలీ షీట్లను గడి కొలతతో అమ్ముతారు. ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి ఉన్న దూరమే ఆ కొలత. బాగా వాడుకలో ఉన్నది అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అందులో బద్ద వెడల్పు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. మధ్యలో మిగిలే రంధ్రం పావు అంగుళం అటూఇటూ. మార్సెల్ బ్రాయర్ 1928లో రూపొందించిన, నేడు చెస్కా అని పిలిచే ఉక్కు గొట్టాల కుర్చీకి ఉన్నది ఈ రకం జాలీయే. దాన్ని చూసిన కళ్లు ప్రపంచమంతా ఉన్నాయి.

అల్లిక ఆరు విడతల్లో సాగుతుంది. మొదట నిలువు బద్దలు, వాటి మీద అడ్డ బద్దలు, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ఇక్కడికి ప్రతి గడి చుట్టూ జత బద్దలు ఏర్పడతాయి. ఆ తర్వాత ఒక మూల నుంచి ఏటవాలు బద్ద, చివరకు ఎదురు మూల నుంచి రెండో ఏటవాలు బద్ద. మొదటి ఏటవాలు బద్ద నిలువు జతల కింద దూరి అడ్డ జతల మీదుగా పోతే, రెండోది దానికి సరిగ్గా తిరగేసి పోతుంది. నాలుగు మూలల్నీ ఈ ఏటవాలు బద్దలు కోసేయడం వల్లే చదరంగా ఉండాల్సిన రంధ్రం ఎనిమిది పలకలుగా కనిపిస్తుంది.

ఈ క్రమంలో రెండు సంగతులు పట్టుకోవాలి. నిలువు గడి, అడ్డ గడి సమానంగా ఉన్నంతసేపూ ఏటవాలు బద్ద 45 డిగ్రీల్లోనే ఉంటుంది. ఆ వాలు తప్పిందంటే బొమ్మను ఎవరో ఒకవైపుకు సాగదీశారని అర్థం. రెండోది, బద్ద ఎక్కడ పైకి వస్తుందో ఎక్కడ కిందికి దిగుతుందో కనబడాలి. గీతలన్నీ ఒకే మట్టంలో ఉన్న జాలీ ఎంత సరైన కొలతలో ఉన్నా కాగితం మీద అచ్చేసినట్టే ఉంటుంది.

ఒక కుర్చీ వీపు లెక్క

వీపు జాలీ 16 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ఉన్న కుర్చీ తీసుకుందాం. అర అంగుళం గడి అంటే వెడల్పులో 32 గడులు, ఎత్తులో 20 గడులు రావాలి. పని మొదలుపెట్టకముందే ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

మన దగ్గరున్న టెక్స్చర్ బొమ్మలో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గడులు ఉన్నాయనుకుందాం. దాన్ని తెచ్చి వీపు మీద అలాగే పరిచేస్తే, ఎనిమిది గడులే మొత్తం వీపంతా సాగుతాయి. ఒక్కో గడి రెండు అంగుళాల వెడల్పు, అంగుళం పావు ఎత్తు అవుతుంది. ఉండాల్సిన దానికి వెడల్పులో నాలుగింతలు. ఏటవాలు బద్ద 45 డిగ్రీల నుంచి 32 డిగ్రీలకు వాలిపోతుంది. రంధ్రాలు అడ్డంగా సాగిన కోడిగుడ్ల ఆకారానికి వస్తాయి. బొమ్మరిల్లు కుర్చీలా ఉందన్న మాట వచ్చేది ఇక్కడే. నిజం కుర్చీలో అంత పెద్ద గడి ఉండాలంటే కుర్చీ అంతా నాలుగంగుళాల వెడల్పుండాలి, కన్ను ఆ లెక్కే వేసుకుంటుంది.

సరిచేయడం తేలిక. ఎనిమిది గడులు నాలుగు అంగుళాలు ఆక్రమించాలి. కాబట్టి ఆ బొమ్మ వెడల్పులో నాలుగు సార్లు, ఎత్తులో రెండున్నర సార్లు పునరావృతం కావాలి. బ్లెండర్‌లో అయితే వస్తువును ఎంచుకుని `Ctrl+A` నొక్కి `Scale` ఖరారు చేసి, తర్వాత `Mapping` నోడ్‌లో ఈ అంకెలు ఇస్తే చాలు.

```
Mapping > Scale
X = 4.0
Y = 2.5
```

ముందు స్కేల్ ఖరారు చేయమనడానికి కారణం ఉంది. దిగుమతి చేసుకున్న కుర్చీ చాలాసార్లు వేరే కొలతలో వచ్చి, తెర మీద మాత్రం సరిపోయేలా కుదించి ఉంటుంది. అల్లికను అంగుళాల లెక్కన పరిచే పద్ధతి వాడినప్పుడు ఆ దాగున్న తేడా మొత్తం లెక్కను తప్పిస్తుంది. రంధ్రాలను చూపే నలుపు తెలుపు బొమ్మను మాత్రం `Non-Color` అని గుర్తుపెట్టాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని రంగు అనుకుని అంచుల దగ్గర బూడిద ఛాయల్ని మార్చేస్తుంది, బద్దలు సన్నబడటమో లావెక్కడమో జరుగుతుంది.

సీటు దగ్గర, అంచు దగ్గర

వీపు దీర్ఘచతురస్రం కాబట్టి సులువుగా కుదిరింది. సీటు అలా ఉండదు. చాలా కుర్చీల్లో ముందువైపు వెడల్పు ఎక్కువ, వెనక తక్కువ. కంప్యూటర్‌లో ఆ ఆకారాన్ని పరిచేటప్పుడు నాలుగు మూలల్నీ టెక్స్చర్ నాలుగు మూలలకు లాగి కట్టేస్తారు. అప్పుడు ముందు 32 గడులు, వెనకా 32 గడులే వస్తాయి. వెనకకు పోయేకొద్దీ గడి ఇరుకైపోతుంది. నిజంలో అలా జరగదు. జాలీ షీటు వరసలు సీటు ముందు అంచుకు సమాంతరంగా నేరుగా పోతాయి, పక్క అంచులు వాటిని కోసేస్తాయి. గడి ఎక్కడా చిన్నదవ్వదు, పక్కల సగం గడులు తెగి కనిపిస్తాయి. అందుకని సీటును పైనుంచి నేరుగా చూసినట్టు పరిచి, మూలల్ని లాగకుండా వదిలేయాలి.

అల్లిక ఎక్కడ ముగుస్తుందో కూడా చూపించాలి. షీటు జాలీని నానబెట్టి, చట్రంలో చెక్కిన గాడిలోకి నొక్కి, పైన సన్నటి పేము పుల్లను జిగురుతో బిగిస్తారు. ఆరాక జాలీ డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. చట్రం అంచు వెంబడి తిరిగే ఆ గుండ్రటి పుల్ల రెండర్‌లో లేకపోతే జాలీ గాల్లోంచి మొదలై గాల్లో ముగిసినట్టుంటుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం గొట్టాన్ని గాడి వెంట నడిపితే ఆ లోటు తీరుతుంది.

జాలీకి రెండు ముఖాలు ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. బద్ద పైముఖం పేము చర్మం కాబట్టి నున్నగా మెరుస్తుంది. వెనక ముఖం పీచుగా, మందకొడిగా ఉంటుంది. అద్దాల గదిలో కుర్చీని వెనక నుంచి కూడా చూపిస్తారు. అక్కడా మెరుపు కనిపిస్తే ప్లాస్టిక్ అనే అనుమానం వస్తుంది.

వికర్ కుర్చీకి వేరే జాగ్రత్త

మూసి అల్లిన వికర్‌లో పడుగు పేక ఉంటాయి. నిలువు పుల్లలు పడుగు, వాటి మధ్య ముందుకూ వెనక్కూ తిరుగుతూ పోయేది పేక. సుమారు మూడు మిల్లీమీటర్ల పుల్లతో దగ్గరగా అల్లితే 20 అంగుళాల ఎత్తు వీపుకు దాదాపు 170 వరసలు పడతాయి. చాలా రెండర్లలో నలభై వరసలే కనిపిస్తాయి. అంటే ఒక్కో పుల్లా వేలంత లావన్నమాట. అది తాడుతో కట్టిన కుర్చీ అవుతుంది గానీ వికర్ కాదు.

వీపు వంపు తిరిగి పైకి విచ్చుకునే కుర్చీల్లో ఇంకో చిక్కుంది. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది. అల్లేవాడు ఎడం ఎక్కువైన చోట కొత్త నిలువు పుల్ల దూర్చి ఎడాన్ని మళ్లీ మామూలుకు తెస్తాడు. పేక పుల్ల లావు మాత్రం కింద ఎంతో పైనా అంతే. కంప్యూటర్‌లో టెక్స్చర్ సాగినప్పుడు పుల్లే లావెక్కుతుంది. వీపును రెండు మూడు పట్టీలుగా విడదీసి, పై పట్టీకి నిలువు పుల్లల సంఖ్య పెంచితే ఆ సాగుడు తగ్గుతుంది. పట్టీల అతుకును అల్లేవారు అడ్డంగా వేసే మెలి వరస కింద దాచొచ్చు.

గుండ్రంగా చుట్టూ తిరిగే అల్లికలో టెక్స్చర్ అతుకు దగ్గర ఒక నిలువు గీత పడుతుంటే, నిలువు పుల్లల్ని లెక్కపెట్టాలి. ఒకటి పైన, ఒకటి కింద అనే క్రమం సరిగ్గా కలవాలంటే టెక్స్చర్ చుట్టులో అవి సరిసంఖ్యలో ఉండాలి. బేసి అయితే అతుకు దగ్గర రెండు పైవి పక్కపక్కన పడి గీతలా కనిపిస్తుంది. చేత్తో ఒకే పుల్లను ఆపకుండా చుట్టేవారు నిలువు పుల్లల్ని బేసిసంఖ్యలోనే పెడతారు. వారి అల్లిక మెలికలా పైకెక్కుతుంది కాబట్టి రెండో చుట్టులో క్రమం దానంతటదే మారుతుంది. టెక్స్చర్‌లో ప్రతి వరసా విడి ఉంగరం కాబట్టి లెక్క తిరగబడింది.

అల్లిక ఎంత సమంగా ఉండాలన్నది కూడా కుర్చీని బట్టే. మార్షల్ లాయిడ్ 1917లో అమెరికాలో కనిపెట్టిన పద్ధతిలో మెలితిప్పిన కాగితాన్ని యంత్రం మీద నేసి చట్రానికి తొడుగుతారు. అలాంటి కుర్చీకి వరసలన్నీ అచ్చు ఒకేలా ఉండాలి. చేత్తో అల్లిన దానికి పుల్ల రంగులో, లావులో కొద్దిపాటి తేడా చూపాలి.

దూరం పెరిగితే గడి పెంచొద్దు

అల్లిక కొలత తప్పడానికి తెలియకపోవడం ఒక కారణమైతే, తెలిసీ పెంచడం ఇంకో కారణం. కెమెరా దూరంగా ఉంది, జాలీ కనబడటం లేదు, యజమాని జాలీ కుర్చీ కావాలన్నాడు కాబట్టి కాస్త పెద్దగా చూపిద్దాం అనిపిస్తుంది. అలా చేయకూడదు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

గది మొత్తం పట్టే వైడ్ లెన్స్, అంటే 36 మిల్లీమీటర్ల సెన్సర్ మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకున్నామనుకుందాం. కుర్చీ 12 అడుగుల దూరంలో ఉంది. ఆ దూరంలో ఫ్రేమ్ వెడల్పు 18 అడుగులు. బొమ్మ 1920 పిక్సెళ్లదైతే అంగుళానికి దాదాపు తొమ్మిది పిక్సెళ్లు వస్తాయి. అర అంగుళం గడికి నాలుగున్నర, బద్దకు ఒక పిక్సెల్ కూడా పూర్తిగా దక్కదు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు అలలు కదిలినట్టు కనిపిస్తుందే, ఆ అలలే ఇక్కడా పుడతాయి. ఈసారి ఒకటి జాలీ, రెండోది పిక్సెళ్ల వరస.

మందు గడిలో లేదు, పిక్సెళ్లలో ఉంది. బొమ్మను 3840 పిక్సెళ్లకు రెండర్ చేస్తే బద్దకు ఒకటి ముప్పావు పిక్సెల్ వస్తుంది, అలలు చాలావరకు అణుగుతాయి. తర్వాత కావాలంటే చిన్నది చేసుకోవచ్చు. ఒక్కో పిక్సెల్‌కు తీసుకునే శాంపిళ్లు పెంచడమూ సాయపడుతుంది. మచ్చలు తుడిచే డీనాయిజర్‌ను మాత్రం ఈ కుర్చీ మీద ఓ కంట కనిపెట్టాలి. శాంపిళ్లు తక్కువైనప్పుడు అది జాలీనే మచ్చ అనుకుని తుడిచేస్తుంది. ఇంత చేశాక కూడా గదికి ఆ చివరనున్న కుర్చీలో గడులు విడివిడిగా కనిపించకపోతే కంగారుపడక్కర్లేదు. నిజంగా తీసిన ఫొటోలోనూ ఆ దూరంలో జాలీ తేనెరంగు పలుచటి తెరలాగే కనిపిస్తుంది. యజమానికి అల్లిక చూపించాలంటే కెమెరాను దగ్గరికి తీసుకెళ్లి ఇంకో బొమ్మ ఇవ్వడమే సరైన దారి.

జాలీలో కొన్నిచోట్ల నల్లటి రంధ్రాలు కనిపిస్తే అది వేరే జబ్బు. ఒక కుర్చీ వెనక ఇంకో కుర్చీ, దాని వెనక మరోటి ఉన్నప్పుడు చూపు ఎన్నో రంధ్రాల పొరలు దాటాలి. సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న పరిమితి దాటగానే ఆపేసి నలుపు పూస్తుంది. బ్లెండర్ సైకిల్స్‌లో `Light Paths` కింద ఉన్న `Transparent` అంకె పెంచితే అది పోతుంది.

నేల మీద నీడ

అద్దాల గదిలో ఎండ నేరుగా పడుతుంది. కుర్చీ జాలీ నీడ నేల మీద పడకపోతే బొమ్మకు ప్రాణం ఉండదు. కానీ ఆ నీడ ఎంత స్పష్టంగా ఉండాలి?

సూర్యుడు ఆకాశంలో చుక్క కాదు, దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల ఏ అంచు నీడైనా దూరం పోయేకొద్దీ మసకబారుతుంది. కాంతి 108 అంగుళాలు ప్రయాణించేసరికి ఆ మసక ఒక అంగుళం అవుతుంది. సీటు నేలకు 18 అంగుళాల ఎత్తులో ఉండి, ఎండ 45 డిగ్రీల వాలులో ఉంటే కాంతి నేలను చేరడానికి పాతిక అంగుళాలు ప్రయాణిస్తుంది. మసక పావు అంగుళానికి కాస్త తక్కువ. రంధ్రం కూడా పావు అంగుళమే. కాబట్టి సీటు నీడలో మెత్తటి వెలుగు చుక్కలు లీలగా కనిపించాలి. వీపు 30 అంగుళాల ఎత్తులో ఉంటే కాంతి 42 అంగుళాలు నడుస్తుంది, మసక అర అంగుళానికి దగ్గరపడుతుంది. గడులు దాదాపు కలిసిపోయి పలుచటి బూడిద నీడ మిగులుతుంది. చలికాలంలోలా ఎండ బాగా వాలి పడితే ఆ కాస్తా చెరిగిపోతుంది.

దీన్నిబట్టి రెండు తప్పులు వెంటనే పట్టేయొచ్చు. వీపు నీడలో గడులు కోసినట్టు తీరుగా కనిపిస్తున్నాయంటే, సూర్యుడి వెడల్పు సున్నాగా పెట్టి ఉండాలి, లేదా అల్లిక నాలుగింతలు పెద్దదై ఉండాలి. బ్లెండర్‌లో సన్ లైట్‌కు `Angle` దగ్గర 0.53 డిగ్రీలు ఉందో లేదో మొదట చూడాలి. అది సరిగా ఉండి కూడా నీడ కోసుగానే ఉంటే తప్పు అల్లికదే. కుర్చీ మీద కనబడని తప్పును నేల చూపిస్తుందన్నమాట.

బొమ్మ పంపే ముందు, ఒప్పుకునే ముందు

రెండర్ చేసేవారు కుర్చీ ఉన్న భాగాన్ని అసలు సైజులో తెర మీద తెరిచి, వీపులో ఒక చివర నుంచి ఇంకో చివరకు గడులు లెక్కపెట్టాలి. కాగితం మీద రాసుకున్న అంకెతో అది కలవాలి. ఏటవాలు బద్దలు 45 డిగ్రీల్లో ఉన్నాయో లేదో నేరుగా ఎదురుగా పెట్టిన కెమెరాలో చూసుకోవాలి. సీటులో వెనకకు పోయేకొద్దీ వరసలు ఇరుకవుతున్నాయేమో చూడాలి. ఫర్నిచర్ తయారీదారు ఏ గడి జాలీ వాడతాడో ముందే అడిగి తెలుసుకుంటే ఇంకా మంచిది. అర అంగుళం ఎక్కువ వాడుకలో ఉన్నా, అంతకంటే సన్నవీ పెద్దవీ కూడా ఉన్నాయి.

బొమ్మ చూసి గది కట్టించుకునేవారూ ఇదే లెక్క వేసుకోవచ్చు. 16 అంగుళాల వీపులో 32 గడులకు బదులు ఎనిమిదో పదో కనిపిస్తే ఆ బొమ్మను వెనక్కి పంపి సరిచేయమనండి. కొలత తప్పిన కుర్చీ పక్కన గది ఉన్నదానికన్నా పెద్దదిగానో చిన్నదిగానో అనిపిస్తుంది. అలాంటి బొమ్మను నమ్మి ఫర్నిచర్‌కు ఆర్డర్ ఇవ్వకండి.